గల్లాలో పడిన 2,360లో మీ డబ్బు 2,000 మాత్రమే: క్యాష్ అమ్మకానికి జీఎస్టీ పద్దు రాయడం ఎలా

పర్లాకిమిడి బజారులో మీకో ఎలక్ట్రికల్ కొట్టు ఉందనుకోండి. పొద్దున్నే బోణీకి ఒకాయన వచ్చి సీలింగ్ ఫ్యాను తీసుకున్నాడు, 2,360 రూపాయలు లెక్కపెట్టి మీ చేతిలో పెట్టాడు, మీరు గల్లా పెట్టెలో వేసుకున్నారు. రాత్రి కొట్టు కట్టేసే ముందు పుస్తకం తీసి "ఫ్యాను అమ్మకం 2,360" అని ఒక్క ముక్క రాసి మూసేశారు. గుణుపురంలో, కాశీనగరంలో, ఇక్కడ మన ఊళ్లో నేను చూసిన చిన్న కొట్ల పుస్తకాల్లో ఎక్కువ ఇలాగే ఉంటాయి.

ఆ ఒక్క ముక్కలోనే తప్పుంది. ఆ 2,360లో 360 మీది కాదు, సర్కారుది. కొన్నాళ్లు మీ గల్లాలో ఉంటుంది, అంతే. మా మావయ్య కొట్టులో చాలా కాలం ఇది విడదీయకుండానే రాశారు. గల్లా నిండుగా కనిపించేది, ఆ ధైర్యంతో సరుకు ఎక్కువ ఎత్తేవాడు, తీరా రిటర్ను వేసే రోజు వచ్చేసరికి పన్ను కట్టడానికి చేతిలో డబ్బుండేది కాదు, చేబదులు కోసం పరిగెత్తేవాడు. వ్యాపారంలో నష్టమేమీ లేదు. అమ్మకం డబ్బూ పన్ను డబ్బూ ఒకే వరసలో రాసుకోవడం వల్ల వచ్చిన టెన్షన్ అది. కాబట్టి పద్దు ఎలా విడదీయాలో, మనలాంటి ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో దాంట్లో ఎక్కడ తేడా వస్తుందో ఒక్కొక్కటే చెబుతాను.

ముందు మీకు పన్ను వసూలు చేసే హక్కు ఉందో లేదో చూసుకోండి

జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని కొట్టు బిల్లు మీద పన్ను వేయకూడదు. కాంపోజిషన్ స్కీములో ఉన్న కొట్టు కూడా కస్టమరు దగ్గర పన్ను వసూలు చేయకూడదు, వాళ్లు తమ టర్నోవరు మీద ఒక శాతం సొంత జేబులోంచి కడతారు, ఇచ్చేది కూడా ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లయి. ఈ రెండిట్లో ఏదైనా మీది అయితే కింద చెప్పే పన్ను ఖాతాలు మీకు అక్కర్లేదు, వచ్చిన డబ్బంతా అమ్మకమే. అయినా సరే బిల్లు మీద పన్ను అని రాసి వసూలు చేశారంటే మాత్రం, ఆ డబ్బు సర్కారుకి కట్టాల్సిందే, ఉంచుకోవడానికి లేదు.

మామూలు రిజిస్ట్రేషన్ ఉండి, నంబరు 21తో మొదలవుతుంటే (ఒడిశా కోడు అది) మిగతాది మీ కోసమే.

పుస్తకంలో తెరవాల్సిన ఖాతాలు

నగదు ఖాతా ఎలాగూ ఉంటుంది. అమ్మకాల ఖాతా ఒకటే పెట్టకుండా పన్ను రేటు ప్రకారం రెండు పెట్టండి, ‘అమ్మకాలు 18%’ అని ఒకటి, ‘అమ్మకాలు 5%’ అని ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారాక మన కొట్లలో దొరికే వస్తువులు చాలా వరకు ఈ రెండిట్లోకే వచ్చేశాయి. ఫ్యాన్లు, స్విచ్‌లు 18లో ఉన్నాయి, అంతకుముందు 12లో ఉన్న స్టీలు గిన్నెలు 5లోకి దిగాయి. రేటు వారీగా ఎందుకు విడగొట్టమంటున్నానో నెలాఖరు లెక్క దగ్గర మీకే తెలుస్తుంది.

తర్వాత అసలైనవి, కట్టాల్సిన పన్ను ఖాతాలు. ఇవి మూడు: సీజీఎస్టీ పేయబుల్, ఎస్‌జీఎస్టీ పేయబుల్, ఐజీఎస్టీ పేయబుల్. సొంత రాష్ట్రంలో అమ్మితే పన్ను మొదటి రెండిట్లోకి చెరి సగం పోతుంది, వేరే రాష్ట్రానికి అమ్మితే మొత్తం ఐజీఎస్టీలోకి. పేయబుల్ అంటే బాకీ. సరుకిచ్చిన హోల్‌సేలు సేటుకి మీరు ఎలా బాకీయో, కస్టమరు దగ్గర పన్ను తీసుకున్న క్షణం నుంచి సర్కారుకి అలాగే బాకీ. అందుకే ఈ ఖాతాలు ఆదాయంలోకీ రావు, తర్వాత కట్టినప్పుడు ఖర్చులోకీ రావు. చాలామంది చలానా కట్టిన రోజు "జీఎస్టీ ఖర్చు" అని రాస్తారు. అలా రాస్తే అమ్మకమూ ఖర్చూ రెండూ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తాయి, అసలు ఎంత బాకీ ఉన్నారో మాత్రం పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

పన్ను కలిసిన ధరలోంచి పన్ను విడదీయడం

చిల్లర కొట్లో కస్టమరుకి చెప్పే ధర పన్నుతో కలిపిన ధరే. ఎవరూ "రెండు వేలు, పైన పన్ను మూడొందల అరవై" అని బేరమాడరు. కాబట్టి లెక్క వెనక్కి చేయాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు: 2,360కి 18 శాతం లెక్కకడితే 424.80 వస్తుంది, అది తప్పు. 18 శాతం అనేది అసలు ధర మీద. అసలు ధర 100 అయితే పన్ను కలిసి 118 అవుతుంది, కాబట్టి కలిసిన ధరని 118 భాగాలు చేసి అందులో 18 తీయాలి. అలా చేస్తే 360 వస్తుంది. తప్పు లెక్కతో ఒక్క ఫ్యానుకి 64.80 మీ లాభంలోంచి పోతుంది.

పన్ను రెండు సగాలుగా పోతుంది కాబట్టి, ముందు సగమే లెక్కకట్టే అలవాటు చేసుకోండి. 18 శాతం వస్తువుకి ధరని 9తో గుణించి 118తో భాగించండి, 5 శాతం వస్తువుకి 2.5తో గుణించి 105తో భాగించండి. పైసల్లోకి సవరించుకుని, దాన్ని రెట్టింపు చేసి, మొత్తంలోంచి తీసేయండి. మిగిలింది అమ్మకం ధర. 1,500కి అమ్మిన టేబుల్ ఫ్యాను తీసుకోండి:

```
1500 × 9 ÷ 118 = 114.41   (సీజీఎస్టీ)
ఎస్‌జీఎస్టీ కూడా         114.41
1500 − 228.82 = 1271.18   (అమ్మకం)
```

ముందు మొత్తం పన్ను లెక్కకట్టి తర్వాత సగం చేస్తే 228.81 వస్తుంది, దాన్ని రెండు సమాన భాగాలు చేయడానికి కుదరదు, ఒక పైసా ఎటో పోతుంది. రోజుకి ఇరవై బిల్లులు రాసే కొట్లో ఆ పైసలే నెలాఖరుకి రెండు ఖాతాల మధ్య తేడాగా నిలబడి మిమ్మల్ని గంటల తరబడి వెతికిస్తాయి. సగం ముందు లెక్కకడితే ఆ బాధ ఉండదు.

బేరమాడి ధర తగ్గిస్తే, బిల్లు మీద తగ్గించి రాసిన ధరలోంచే పన్ను తీయాలి. 2,360 ఫ్యాను 2,300కి ఇచ్చారనుకోండి, సీజీఎస్టీ 175.42, ఎస్‌జీఎస్టీ 175.42, అమ్మకం 1,949.16. బిల్లు పాత ధరకి రాసి చేతికి తక్కువ తీసుకుంటే, రాని డబ్బు మీద కూడా మీరే పన్ను కట్టినట్టు.

పద్దు

ఇప్పుడు మన 2,360 ఫ్యాను. కొన్నాయన ఈ ఊరివాడే, బిల్లు మీద చిరునామా ఏమీ రాయలేదు.

```
నగదు ఖాతా               డెబిట్    2,360
  అమ్మకాలు 18%          క్రెడిట్   2,000
  సీజీఎస్టీ పేయబుల్       క్రెడిట్     180
  ఎస్‌జీఎస్టీ పేయబుల్     క్రెడిట్     180
(బిల్లు నంబరు, తేదీ, ఫ్యాను ఒకటి, నగదుకి)
```

గల్లాలోకి వచ్చింది డెబిట్, అది ఎవరెవరికి చెందుతుందో క్రెడిట్ వైపు. రెండు వైపులా మొత్తం ఒకటే రావాలి. ఫోన్ పే చేస్తే నగదు బదులు బ్యాంకు ఖాతా, సగం నోట్లూ సగం ఫోనూ అయితే రెండు డెబిట్లు, క్రెడిట్ వైపు ఏమీ మారదు. ఫ్యాను మీకు ఎంతకు పడిందన్నది ఈ పద్దులోకి రాదు, అది స్టాకు లెక్క.

200 లోపు అమ్మకాలకి, హోల్డరో స్విచ్చో పట్టుకెళ్లిన వాళ్లకి, కొనేవాడికి రిజిస్ట్రేషన్ లేకుండా అతను బిల్లు అడగకపోతే ఒక్కొక్కరికీ బిల్లు రాయనక్కర్లేదు. అయితే రాత్రికి వాటన్నిటికీ కలిపి ఒక బిల్లు మీరే రాసి పెట్టుకోవాలి. ఈ కలిపి రాసే బిల్లు మర్చిపోవడం చాలా కొట్లలో ఉంది. గల్లాలో డబ్బుంటుంది, పుస్తకంలో అమ్మకం ఉండదు, రెండు మూడు రోజులైతే అది ఎక్కడిదో మీకే గుర్తుండదు. గల్లా పక్కన ఒక చిత్తు కాగితం పెట్టి 18 శాతం వస్తువులకి ఒక వరస, 5 శాతానికి ఒక వరస గీసి అమ్మినప్పుడల్లా అంకె వేసుకుంటే చాలు.

పాతపట్నం కస్టమరు వచ్చినప్పుడు

మన ఊళ్లలో అసలు చిక్కు ఇదే. భువనేశ్వర్‌లో కొట్టు నడిపేవాడికి నెలకోసారి రావచ్చు, మనకి రోజూ వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది, కానీ పెళ్లిళ్లు, సంతలు, బజారు పనులు ఎవరూ విడదీయలేదు. పాతపట్నం మనిషి ఆటో ఎక్కి వచ్చి మీ దగ్గర ఫ్యాను కొంటాడు. మరి ఆయన ఆంధ్ర మనిషి కదా, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలా, ఐజీఎస్టీ వేయాలా?

జవాబు ఆయన ఎక్కడివాడన్న దాంట్లో లేదు, బిల్లు మీద మీరు ఏం రాశారన్న దాంట్లో ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు విషయంలో రూలు ఇది: బిల్లు మీద ఆయన చిరునామా ఉంటే ఆ చిరునామా ఉన్న రాష్ట్రంలో అమ్మినట్టు, లేకపోతే మీ కొట్టు ఉన్న చోటే అమ్మినట్టు. పూర్తి చిరునామా కూడా అక్కర్లేదు, రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చిరునామా రాసినట్టే లెక్క.

అంటే కౌంటరు దగ్గర నగదుకి కొని ఫ్యాను భుజాన పెట్టుకుపోయే మనిషికి మీరు చిరునామా లేని బిల్లు ఇస్తే అది ఒడిశాలో అమ్మకం, 180, 180. అదే మనిషి "అన్నా, బిల్లు మీద మా పేరూ ఊరూ రాయి, రేపు వారంటీకి అడుగుతారు" అన్నాడు, మీరు "పాతపట్నం, ఆంధ్రప్రదేశ్" అని రాశారు. అక్కడితో అది వేరే రాష్ట్రానికి అమ్మకం అయిపోయింది. కస్టమరు ఇచ్చేది అదే 2,360, పన్ను అదే 360, కానీ పద్దు వేరు:

```
నగదు ఖాతా               డెబిట్    2,360
  అమ్మకాలు 18%          క్రెడిట్   2,000
  ఐజీఎస్టీ పేయబుల్        క్రెడిట్     360
```

50,000 లోపు బిల్లుకి రిజిస్ట్రేషన్ లేని కస్టమరు పేరూ చిరునామా రాయాల్సిన అవసరం లేదు, ఆయన అడిగితేనే రాయాలి. కాబట్టి మీ అంతట మీరు అలవాటుగా ఊరు పేరు రాసేయకండి. వారంటీ కోసమే అయితే వారంటీ కార్డు మీద చిరునామా నింపి కొట్టు ముద్ర వేసి ఇవ్వండి, కార్డు బిల్లు కాదు. అయినా బిల్లు మీదే కావాలంటే రాయండి, రాసి ఐజీఎస్టీ వేయండి. 50,000, ఆ పైన బిల్లు అయితే చిరునామా తప్పనిసరి, అప్పుడు ఆయన రాష్ట్రాన్ని బట్టే పన్ను. సరుకు మీరే ఆటోలో వేసి పాతపట్నంలో ఇంటికి పంపుతున్నారా, అప్పుడు డెలివరీ చిరునామా బిల్లు మీద రాయాలి, అది కూడా ఐజీఎస్టీ అమ్మకమే.

నేను చూసిన తప్పుల్లో మొదటి స్థానం దీనిదే: బిల్లు మీద ఆంధ్ర చిరునామా ఉంటుంది, కింద పన్ను మాత్రం సీజీఎస్టీ 180, ఎస్‌జీఎస్టీ 180 అని ఉంటుంది. బిల్లు పుస్తకంలో అవి ముందే అచ్చయి ఉండటం వల్ల చెయ్యి అటే పోతుంది. రిటర్ను వేసేలోపు మీ కంట పడితే ఇబ్బంది లేదు, బిల్లు సరిచేసి, పుస్తకంలో సీజీఎస్టీ పేయబుల్ 180, ఎస్‌జీఎస్టీ పేయబుల్ 180 డెబిట్ చేసి ఐజీఎస్టీ పేయబుల్ 360 క్రెడిట్ చేయండి. పన్ను కట్టేశాక బయటపడితే, ఐజీఎస్టీ మళ్లీ కొత్తగా కట్టి, పొరపాటున కట్టిన దాన్ని రీఫండు అడగాలి. వడ్డీ వేయరు గానీ, రీఫండు వచ్చేదాకా డబ్బు రెండుసార్లు మీ చేతిలోంచే పోయినట్టు. ఒక ఫ్యానుకి 360 అంటే చిన్నగానే అనిపిస్తుంది, ఎండాకాలంలో యాభై ఫ్యాన్లు ఇలా రాస్తే 18,000.

కొత్త బిల్లు పుస్తకం అచ్చు వేయించేటప్పుడు ఐజీఎస్టీకి కూడా ఒక గడి పెట్టించండి. గడి ఉంటే రాసేవాడు ఒక్క క్షణం ఆగి చూస్తాడు.

రాత్రి గల్లా కట్టేటప్పుడు

ఒక రోజు మొత్తం తీసుకుని చూద్దాం. పొద్దున్న గల్లాలో 3,000 చిల్లర ఉంచారు. ఊరివాడికి ఫ్యాను 2,360. పాతపట్నం ఆయనకి చిరునామాతో బిల్లు రాసి ఫ్యాను 2,360. స్టీలు గిన్నెలు 1,050, ఇవి 5 శాతం కాబట్టి అమ్మకం 1,000, పన్ను 25, 25. చిల్లర వస్తువులన్నీ కలిపి 1,180, అంటే అమ్మకం 1,000, పన్ను 90, 90. అన్నీ నగదే.

```
నగదు ఖాతా               డెబిట్    6,950
  అమ్మకాలు 18%          క్రెడిట్   5,000
  అమ్మకాలు 5%           క్రెడిట్   1,000
  సీజీఎస్టీ పేయబుల్       క్రెడిట్     295
  ఎస్‌జీఎస్టీ పేయబుల్     క్రెడిట్     295
  ఐజీఎస్టీ పేయబుల్        క్రెడిట్     360
```

కూలికి 150 ఇచ్చారు. గల్లాలో 3,000 + 6,950 − 150, అంటే 9,800 ఉండాలి. లెక్కపెట్టండి. తక్కువుంటే ఇంటి ఖర్చుకి తీసి రాయనిది ఏదో ఉంది, ఎక్కువుంటే బిల్లు రాయని అమ్మకం ఉంది. ఎక్కువ వచ్చింది కదా అని ఊరుకోకండి, ఆ అమ్మకంలోనూ పన్ను ఉంది.

ఆ రోజు పన్ను 295, 295, 360 కలిపి 950. మా మావయ్య ఇప్పుడు చేసే పని ఏంటంటే, ఆ 950 గల్లాలోంచి తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తాడు, వారానికోసారి కొట్టు పేరున ఉన్న రెండో బ్యాంకు ఖాతాలో కడతాడు. రూలు ప్రకారం ఇది అక్కర్లేదు, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గుతుంది కాబట్టి చివరికి కట్టేది దీనికంటే తక్కువే ఉంటుంది. కానీ గల్లా చూసి సరుకు ఎత్తే అలవాటున్నవాళ్లకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

అమ్మిన ఫ్యాను తిరిగొస్తే పాత పద్దు కొట్టేయకండి. క్రెడిట్ నోటు రాసి, అమ్మకాల వాపసు 2,000, సీజీఎస్టీ పేయబుల్ 180, ఎస్‌జీఎస్టీ పేయబుల్ 180 డెబిట్ చేసి, నగదు 2,360 క్రెడిట్ చేయండి. అసలు బిల్లు ఐజీఎస్టీది అయితే వాపసు కూడా ఐజీఎస్టీలోంచే.

నెలాఖరుకి ఈ ఖాతాలు ఏం చెబుతాయి

రిటర్ను పని మొదలెట్టే ముందు మూడు చూపులు చూడండి. సీజీఎస్టీ పేయబుల్‌లో నెల మొత్తం క్రెడిట్, ఎస్‌జీఎస్టీ పేయబుల్‌లో నెల మొత్తం క్రెడిట్ పైసాతో సహా సమానంగా ఉండాలి. తేడా ఉందంటే ఎక్కడో ఒక సగం రాయడం మర్చిపోయారు, లేదా రెండూ ఒకదాంట్లోనే వేశారు. తర్వాత రేటు వారీగా పెట్టిన అమ్మకాల ఖాతాలు తీసుకుని, 18% ఖాతా మొత్తానికి 18 శాతం, 5% ఖాతా మొత్తానికి 5 శాతం కట్టి కలిపితే మూడు పేయబుల్ ఖాతాల మొత్తానికి దగ్గరగా, పైసల తేడాతో రావాలి. వందల్లో తేడా వస్తే గిన్నెలు 18లో వేశారో, ఏదో రోజు మొత్తం ధర అమ్మకంలోనే పడేశారో వెతకండి. అందుకే అమ్మకాల ఖాతా రెండుగా పెట్టమన్నది. ఇక పేయబుల్ ఖాతా ఎప్పుడైనా డెబిట్ నిల్వ చూపిస్తే, సర్కారే మీకు బాకీ అన్నట్టు, ఎక్కువసార్లు దానికి కారణం చలానా రెండుసార్లు రాయడం.

ఇప్పుడు బాకీ తీర్చడం. నెల తిరిగేసరికి సీజీఎస్టీ పేయబుల్ 14,400, ఎస్‌జీఎస్టీ పేయబుల్ 14,400, ఐజీఎస్టీ పేయబుల్ 1,800 అనుకుందాం, మొత్తం 30,600. సరుకు మీరు లక్ష రూపాయలది విశాఖపట్నం నుంచి తెచ్చారు, వాళ్లు వేరే రాష్ట్రం కాబట్టి బిల్లులో ఐజీఎస్టీ 18,000. ఇంకో 40,000 సరుకు బరంపురం నుంచి, అది మన రాష్ట్రమే, సీజీఎస్టీ 3,600, ఎస్‌జీఎస్టీ 3,600. ఇవి మీ ఇన్‌పుట్ క్రెడిట్, కట్టాల్సిన దాంట్లోంచి తగ్గుతాయి.

వరస ముఖ్యం. ఐజీఎస్టీ క్రెడిట్ ముందు మొత్తం వాడేయాలి, అందులో మొదట ఐజీఎస్టీ బాకీకి. 1,800 పోగా 16,200 మిగిలింది. దీన్ని సీజీఎస్టీకీ ఎస్‌జీఎస్టీకీ మీకు నచ్చినట్టు పంచుకోవచ్చు. చెరి సగం, 8,100 చొప్పున పంచితే రెండు వైపులా 6,300 మిగులుతుంది, వాటి సొంత క్రెడిట్ 3,600 చొప్పున తీస్తే 2,700, 2,700. డబ్బుగా కట్టేది 5,400. ఇలా కాకుండా ముందు సీజీఎస్టీ 14,400 మొత్తం తీర్చేసి మిగిలిన 1,800 ఎస్‌జీఎస్టీకి ఇచ్చారనుకోండి, సీజీఎస్టీ క్రెడిట్ 3,600 వాడటానికి చోటు లేక ఉండిపోతుంది, అది ఎస్‌జీఎస్టీకి పనికిరాదు. ఎస్‌జీఎస్టీలో 12,600 మిగిలి, సొంత 3,600 పోగా 9,000 చేతి డబ్బు కట్టాలి. మిగిలిన క్రెడిట్ పోదు, వచ్చే నెలకి వస్తుంది, కానీ ఈ నెల 3,600 అనవసరంగా బయటికి తీశారు. విశాఖ సరుకు మీద నడిచే కొట్లు పోర్టల్లో ఈ పంపకం చూసుకోకుండా ముందుకు నొక్కకండి.

పుస్తకంలో సీజీఎస్టీకి ఇలా వస్తుంది, ఎస్‌జీఎస్టీకి కూడా ఇదే అంకెలు:

```
సీజీఎస్టీ పేయబుల్         డెబిట్   14,400
  ఐజీఎస్టీ ఇన్‌పుట్        క్రెడిట్   8,100
  సీజీఎస్టీ ఇన్‌పుట్       క్రెడిట్   3,600
  బ్యాంకు                క్రెడిట్   2,700
```

ఐజీఎస్టీ పేయబుల్ 1,800 డెబిట్, ఐజీఎస్టీ ఇన్‌పుట్ 1,800 క్రెడిట్.

తేదీల దగ్గర కూడా సరిహద్దు చిక్కు ఒకటుంది. నెలనెలా వేసేవాళ్లకి జీఎస్టీఆర్-3బి రిటర్ను గడువు తర్వాతి నెల 20. మూడు నెలలకోసారి వేసే పద్ధతిలో ఉంటే ఒడిశాలో 24, ఆంధ్రలో 22. పాతపట్నంలో కొట్టున్న బావమరిదికి 22 అయితే మీకు 24 అన్నమాట, ఒకరి తేదీ ఇంకొకరు పట్టుకుంటే ఆయన ఆలస్యంగా కట్టి ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ ఇచ్చుకుంటాడు. మూడు నెలల పద్ధతిలో కూడా మొదటి రెండు నెలలకి పన్ను పీఎంటీ-06 చలానాతో తర్వాతి నెల 25లోపు కట్టాలి, రిటర్ను మూడు నెలలకే కదా అని డబ్బు కూడా అప్పుడే అనుకోకండి. ఆ చలానా కట్టిన రోజు పేయబుల్ ఖాతా ముట్టుకోకుండా ‘జీఎస్టీ డిపాజిట్’ అని ఒక ఖాతాలో డెబిట్ రాసి, రిటర్ను వేసిన రోజు అందులోంచి పేయబుల్‌కి మార్చండి. పోర్టల్లో కూడా ఆ డబ్బు రిటర్ను వేసేదాకా మీ నగదు లెడ్జరులోనే కనిపిస్తుంది, మీ పుస్తకమూ అదీ ఒకేలా ఉంటాయి.

రిటర్నులో పాతపట్నం తరహా ఐజీఎస్టీ అమ్మకాలు రాష్ట్రం వారీగా చూపించాలి, ఆంధ్రప్రదేశ్ కోడు 37. ఐజీఎస్టీ బిల్లుల నంబర్లు పుస్తకం వెనక పేజీలో విడిగా రాసుకుంటూ పోతే ఆ రోజు బిల్లు కట్టలన్నీ తిరగేసే పని తప్పుతుంది. రిటర్ను వెళ్లాక మూడు పేయబుల్ ఖాతాల్లోనూ ఆ కాలం తాలూకు నిల్వ సున్నా అయ్యిందో లేదో చూసి, సున్నా కింద గీత గీసి తర్వాతి నెల మొదటి బిల్లు ఎక్కించండి.